ఒకే పూతరేకుల ఫోటో: చదరంగా, నిలువుగా, అడ్డంగా ఏది ఎక్కడ కత్తిరించాలి

రావులపాలెంలో నాది చిన్న డిజైన్ షాపు. ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు, ఈ మధ్య ఎక్కువగా వాట్సాప్ స్టేటస్‌లకి, ఇన్‌స్టాకి బొమ్మలు చేసిపెట్టడం. వచ్చే కస్టమర్లలో సగం మంది ఒక్క ఫోటోయే తెచ్చి "దీన్నే అన్నిట్లోకీ పెట్టేయండి" అంటారు. పెట్టొచ్చు. కానీ ఒకే కత్తిరింపు అన్నిట్లోకీ సరిపోదు. డీపీలో బాగున్నది యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో తేలిపోతుంది, ఫ్లెక్సీ మీద బాగున్నది స్టేటస్‌లో చీమంత కనిపిస్తుంది.

మీ దగ్గర ఒక మంచి ఫోటో ఉంటే, దాన్నుంచి చదరపు, నిలువు, అడ్డం క్రాపులు మూడూ తీసి, పక్కపక్కన పెట్టి, ఏది దేనికో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ చెబుతాను. ఉదాహరణగా మా పిన్ని ఫోటోనే తీసుకుంటాను. ఆత్రేయపురం పక్కన ఊళ్ళో ఇంట్లోనే రేకులు తీసి అమ్ముతుంది. ఆవిడకి నాలుగు కావాలి: వాట్సాప్ బిజినెస్‌కి డీపీ, ఇన్‌స్టాలో పోస్టు, అబ్బాయి పెట్టిన యూట్యూబ్ వీడియోకి థంబ్‌నెయిల్, గుమ్మం ముందు కట్టడానికి ఆరడుగుల ఫ్లెక్సీ. నాలుగూ ఒక్క ఫోటోలోంచే.

ముందు అసలు ఫైలు తెప్పించుకోండి

పిన్ని ఆ ఫోటోని మొదట వాట్సాప్‌లో మామూలుగా పంపింది. ఫోన్లో అది 4000 × 3000 పిక్సెళ్ళ ఫోటో. నా దగ్గరికి వచ్చేసరికి 1600 × 1200 అయింది. చూడ్డానికి తేడా తెలియదు. కత్తిరించినప్పుడు తెలుస్తుంది. ఇన్‌స్టా నిలువు పోస్టుకి 1080 × 1350 కావాలి. ఆ చిన్న ఫోటోలోంచి నాకు కావలసిన ముక్క తీస్తే 832 × 1040 మాత్రమే వస్తోంది. దాన్ని సాగదీస్తే రేకు అంచులో ఉండే ఆ పల్చదనం పోయి పిండి ముద్దలా కనిపిస్తుంది.

అందుకని ఫోటోని డాక్యుమెంట్‌గా పంపమనండి. వాట్సాప్‌లో అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా డాక్యుమెంట్ ఎంచుకుంటే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. వచ్చాక అసలు ఫైలు మీద క్రాప్ చేయకండి. ముందే మూడు నకళ్ళు తీసుకుని వాటి పేర్లు "చదరం", "నిలువు", "అడ్డం" అని మార్చుకోండి. ఫోన్లోనే చేసేవాళ్ళు సేవ్ చేసేటప్పుడు `Save copy` అని ఉన్నదే నొక్కాలి. ఒకసారి ఒక పెళ్ళివారి గ్రూపు ఫోటోని డీపీ కోసం చదరంగా కత్తిరించి, దాని మీదే సేవ్ చేసేశాను. తర్వాత ఫ్లెక్సీ చేద్దామంటే అటూ ఇటూ ఉన్న మేనత్తలు లేరు. ఆ ఇంటికి ఇంకోసారి వెళ్ళి ఫోటో అడుక్కోవాల్సి వచ్చింది.

వంకర ఉంటే ఇప్పుడే సరిచేయండి, తర్వాత కాదు. ఫోటో తిప్పితే నాలుగు మూలలూ కొంచెం కొంచెం పోతాయి. క్రాప్ గీతలు గీసుకున్నాక తిప్పితే ఆ గీతలన్నీ మళ్ళీ గీసుకోవాలి. పిన్ని వెనకాల పాక స్తంభం ఒకటి ఉంది, అది నిటారుగా ఉంటే చాలు.

ఫోటోలో ఏం ఉందో, ఎక్కడుందో రాసుకోండి

ఈ పని ఎవరూ చేయరు, నేనూ చాలా కాలం చేయలేదు. క్రాప్ టూల్ తెరిచి పెట్టెని అటూ ఇటూ జరుపుతూ "ఇదిగో ఇది బాగుంది" అని ఆగిపోయేవాణ్ణి. బాగుందనిపించేది ఆ పెట్టె, ఫోటో కాదు. అందుకే ముందు కాగితం మీద రాసుకోవాలి.

ఫోటోని 40 గళ్ళ వెడల్పు, 30 గళ్ళ ఎత్తు ఉన్న గ్రాఫ్ పేపరు అనుకోండి. ఒక్కో గడి 100 పిక్సెళ్ళు. ఎడమ అంచు నుంచి, పై అంచు నుంచి లెక్క. పిన్ని ఫోటో ఇలా ఉంది.

మధ్యలో బోర్లించిన కుండ, కొంచెం ఎడమకి, దాని నడుము ఎడమ నుంచి 19వ గడి దగ్గర. కుండ కింది అంచు పై నుంచి 24వ గడిలో, మంట వచ్చే నోరు 26వ గడి దగ్గర. లోపల కొబ్బరాకులు మండుతున్నాయి. కుండ మీదుగా పిండిలో ముంచిన బట్టని రెండు చేతులతో సాగదీసి పట్టుకుంది పిన్ని. ఎడమ వైపు చేయి 12వ గడి దాటాక, కుడి వైపు చేయి 26వ గడిలో. బట్ట అప్పుడే పైకి లేస్తోంది, కింద రేకు కుండకి అంటుకుని ఆవిరి కక్కుతోంది. పిన్ని తల పై నుంచి 4.5 నుంచి 10 గళ్ళ వరకు. ఎడమ పక్క, 3 నుంచి 9 గళ్ళ మధ్య, పళ్ళెంలో తీసిపెట్టిన రేకుల దొంతర. కుడి పక్క 30 నుంచి 37 వరకు పిన్ని కోడలు కూర్చుని బెల్లం పొడి, నెయ్యి వేసి రేకు మడుస్తోంది. కుడి వైపు కింది మూలలో నీలం ప్లాస్టిక్ బకెట్. అది ఎందుకు అక్కడుందో పిన్నికే తెలియాలి.

ఇప్పుడు వీటికి వరస పెట్టండి. ఏది పోతే ఇది పూతరేకుల ఫోటో అని తెలియకుండా పోతుంది? నా లెక్కలో మొదటిది చేతులు, బట్ట, కుండ కలిపి ఒకే వస్తువు, వాటిని విడదీయకూడదు. రెండోది మంట. మూడోది దొంతర. ముఖం నాలుగో స్థానంలో వేసుకున్నాను. పిన్నికి ఈ మాట చెప్పలేదు.

మంటని రెండో స్థానంలో ఎందుకు పెట్టానో చెప్పాలి. మొదట నేను కూడా పెట్టలేదు. ఒక క్రాపు చేసి, ఎదురు టీ కొట్టు బాబాయ్‌కి ఫోన్ చూపించి "ఇదేంటో చెప్పు" అన్నాను. అందులో చేతులు, బట్ట, కుండ పైభాగం మాత్రమే ఉన్నాయి. ఆయన రెండు క్షణాలు చూసి, "ఆయ్, ఎవరో తడిబట్ట ఆరేత్తన్నారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయన తప్పేం లేదు. ఫోటోలో అంతే ఉంది. కింద మంట కనిపించే క్రాపు చూపిస్తే "పూతరేకులు కదా" అన్నాడు వెంటనే. మంటా, దొంతరా రెంటిలో ఒకటైనా లేకపోతే ఆ బట్ట ఉత్త బట్టే. ఈ ఒక్క మాట మిగతా మూడు క్రాపుల్లో నాకు దారి చూపించింది.

చదరం: ఏది వదిలేయాలో తేల్చుకోవడమే పని

క్రాప్ టూల్‌లో 1:1 నొక్కగానే అది ఎత్తంతా తీసుకుని మధ్యలో పెట్టె వేస్తుంది. 30 × 30 గళ్ళు, ఎడమ నుంచి 5 దగ్గర మొదలై 35 దగ్గర ముగుస్తుంది. మా ఫోటోలో అది అన్నిటికంటే చెడ్డ క్రాపు. దొంతర ఎడమ అంచున తెగింది, కోడలు కుడి అంచున భుజం దగ్గర తెగింది. రెండు సగాలు, ఒక్క పూర్తి వస్తువు. అంచున సగం తెగిన వస్తువు కంటిని తన వైపు లాగుతుంది, అసలు వస్తువు మీద నిలబడనివ్వదు.

సరే, పెట్టె చిన్నది చేద్దాం. దొంతర 9 దగ్గర ముగుస్తోంది, కోడలు 30 దగ్గర మొదలవుతోంది. ఆ ఇద్దరి మధ్య 21 గళ్ళు ఉన్నాయి. కానీ తల పైనుంచి మంట దాకా కావాలంటే 4.5 నుంచి 27 వరకు, అంచులు కలిపి కనీసం 24 గళ్ళు కావాలి. 21లో 24 పట్టదు. ఇక్కడ చాలామంది రాజీ పడి తలని నుదుటి దగ్గర కోసేస్తారు, లేదా మంటని సగం కోస్తారు. రెండూ వద్దు. సగం ముఖం కన్నా ముఖం లేకపోవడమే నయం. చూసేవాళ్ళకి అది కావాలని చేసినట్టు ఉంటుంది, సగం ముఖం అయితే పొరపాటున జరిగినట్టు ఉంటుంది.

అందుకని వరసలో నాలుగోదాన్ని వదిలేశాను. ఎడమ నుంచి 10 నుంచి 28, పై నుంచి 11 నుంచి 29. అంటే 18 × 18 గళ్ళు, 1800 పిక్సెళ్ళు. గడ్డం కింద నుంచి మొదలవుతుంది. చేతులు, బట్ట, కుండ, మంట. ఇంకేం లేవు.

ఇప్పుడు దీన్ని డీపీగా పెడితే ఏమవుతుందో చూడాలి. డీపీ చదరంగా ఎక్కిస్తాం గానీ గుండ్రంగా కనిపిస్తుంది. చదరంలోంచి గుండ్రం తీస్తే నాలుగు మూలలూ కలిపి అయిదో వంతు కంటే కాస్త ఎక్కువే పోతుంది. మూలల్లో ఏమీ లేకుండా చూసుకోవాలి. దీనికి సులువైన పద్ధతి ఒకటుంది. చదరపు క్రాపుని స్క్రీన్ మీద పెట్టి, మధ్య బిందువు నుంచి అంచుకి ఎంత దూరమో చూడండి. మాకు 9 గళ్ళు. ముఖ్యమైన ప్రతి వస్తువూ మధ్య నుంచి ఆ దూరం లోపలే ఉండాలి. రెండు చేతులూ ఏడున్నర, ఎనిమిది గళ్ళ దూరంలో ఉన్నాయి. మంట 6 గళ్ళ దూరంలో ఉంది. సరిపోయింది. మోచేతులు గుండ్రం బయటికి పోయాయి, పోనీ.

గుండ్రం చేశాక చాట్ లిస్టులో చూడండి, ఫుల్ స్క్రీన్‌లో కాదు. చాట్ లిస్టులో డీపీ బొటనవేలి గోరంత ఉంటుంది. ఆ సైజులో ముఖం ఉంటే ఎలా ఉండేదో కూడా చేసి చూశాను. మొత్తం ఎత్తు తీసుకున్న చదరంలో పిన్ని ముఖం కందిగింజంత కూడా లేదు, ఎవరో గుర్తుపట్టలేం. చేతుల క్రాపులో మాత్రం తెల్లటి బట్ట, నల్లటి కుండ, ఎర్రటి మంట మూడు రంగులుగా విడివిడిగా తెలుస్తున్నాయి. డీపీకి ఇదే ఖాయం చేశాను.

నిలువు: 4:5 వేరు, 9:16 వేరు

నిలువు అనగానే రెంటినీ ఒకటే అనుకుంటారు. కాదు. 4:5 అనేది చదరం కన్నా కాస్త పొడుగు, ఇన్‌స్టా పోస్టుకి. 9:16 అనేది ఫోన్ నిండా వచ్చేది, స్టేటస్‌కి, రీల్‌కి. అడ్డంగా తీసిన ఫోటోలోంచి మొదటిది హాయిగా వస్తుంది, రెండోది పీకలమీదికొస్తుంది.

మొదటిది చూద్దాం. ఎత్తు మొత్తం 30 గళ్ళూ తీసుకుంటే వెడల్పు 24 వస్తుంది. దొంతర, కోడలు మళ్ళీ అంచుల్లోకి వచ్చేస్తారు. మనకి మధ్యలో 21 గళ్ళ ఖాళీయే ఉందని చదరంలోనే తేలింది కదా. అందుకని వెడల్పుని ముందు ఖాయం చేయండి: 9 నుంచి 29.8 దాకా, అంటే 20.8 గళ్ళు. దాన్ని 5తో గుణించి 4తో భాగిస్తే 26 గళ్ళ ఎత్తు. పై నుంచి 2.5 దగ్గర మొదలుపెట్టి 28.5 దగ్గర ఆపాను. 2080 × 2600 పిక్సెళ్ళు, కావలసిన 1080 × 1350కి దాదాపు రెట్టింపు. చదరంలో పట్టని ముఖం ఇక్కడ పట్టింది. పైన పాక కప్పులోంచి పొగ పోవడం, కింద మంట, మధ్యలో చేతులు. చూపు ముఖం నుంచి చేతులకి, చేతుల నుంచి మంటకి దిగుతుంది. నాలుగు క్రాపుల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. దొంతర లేదు, కానీ మంట ఉంది కాబట్టి ఇది ఏమిటన్న ప్రశ్నే రాదు.

ఒక్క సంగతి సరిచూసుకోండి. 2025 నుంచి ఇన్‌స్టా ప్రొఫైల్ గ్రిడ్‌లో గళ్ళు చదరంగా కాకుండా 3:4గా కనిపిస్తున్నాయి. 4:5 పోస్టు అందులో రెండు పక్కలా కొంచెం కొంచెం తెగుతుంది. మా లెక్కలో ఒక్కో పక్క గడిలో మూడింట రెండు వంతులు. చేతులకి, అంచుకి మధ్య మూడు గళ్ళ పైనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీ ఫోటోలో అంచుకి ఆనించి అక్షరాలు రాసి ఉంటే మాత్రం గ్రిడ్‌లో మొదటి అక్షరం మాయమవుతుంది.

ఇక 9:16. 30 గళ్ళ ఎత్తుకి వెడల్పు 16.9 గళ్ళే వస్తుంది. చేతుల మధ్య దూరమే 13.5 గళ్ళు. అంటే రెండు పక్కలా కలిపి మిగిలేది మూడున్నర గళ్ళు కూడా కాదు. 10.6 నుంచి 27.5 దాకా పెట్టి చూశాను. పట్టింది. కానీ పట్టడం వేరు, ఊపిరాడటం వేరు. ఎడమ మోచేయి సరిగ్గా అంచుకి తగులుతోంది. కీలు దగ్గర తెగితే చేయి విరిగినట్టు కనిపిస్తుంది. మోచేతికీ భుజానికీ మధ్యలోనో, మోచేతికీ మణికట్టుకీ మధ్యలోనో తెగితే కన్ను పట్టించుకోదు.

దీన్ని స్టేటస్‌గా పెట్టి చూడండి. స్టేటస్‌లో పైన పేరు, గీతలు వస్తాయి, కింద రిప్లై పెట్టె, మీరు క్యాప్షన్ రాస్తే అదీ వస్తుంది. నేను పైన, కింద ఎనిమిదో వంతు చొప్పున వదిలేసి, మిగిలిన మధ్య భాగంలోనే ముఖ్యమైనవన్నీ ఉన్నాయా అని చూస్తాను. మా ఫోటోలో తల, మంట నోరు రెండూ ఆ గీతలకి ఆని లోపలే ఉన్నాయి. స్టేటస్‌కి పరవాలేదు అనిపించింది. పొడుగు ఫోన్లలో పైనా కిందా నల్లపట్టీ వస్తే భయపడకండి. ఈ మధ్య ఫోన్లు 9:16 కన్నా పొడుగ్గా వస్తున్నాయి. మీ ఫోన్ స్క్రీన్‌కి సరిపోయేలా ఇంకా సన్నగా కోస్తే, వేరేవాళ్ళ ఫోన్లో అది ఇంకోలా వస్తుంది.

రీల్‌కి మాత్రం ఇది పనికిరాలేదు. రీల్ ఆడేటప్పుడు కుడి పక్కన, కింది సగంలో లైకు, కామెంటు, షేరు గుర్తులు వరసగా ఉంటాయి. పిన్ని కుడి చేయి కుడి అంచు నుంచి గడిన్నర దూరంలో, సగం ఎత్తుకి కాస్త కిందగా ఉంది. అంటే ఆ గుర్తులు మొదలయ్యే చోటే. పెట్టెని కుడికి జరిపితే ఎడమ చేయి తెగుతుంది. ఈ ఫోటోలో రీల్‌కి సరిపడే క్రాపు లేదు అని ఒప్పుకోవడమే మంచిది. ఒక్కో ఫోటోలో ఒక్కో ఆకారం ఉండదు. బలవంతాన తీస్తే పని చేసే చేతులు పోయి, కుండ, ముఖం మిగులుతాయి.

అటూ ఇటూ మబ్బుగా మసకచేసిన అదే ఫోటో వేసి మధ్యలో అసలు ఫోటో పెట్టే పద్ధతి ఒకటుంది, అందరూ వాడుతున్నారు. నాకు అది నచ్చదు. అద్దంలో ఆవిరి పట్టినట్టుంటుంది. అంతకంటే లేత రంగు ఒకటి నిండుగా వేసి, మీద 4:5 క్రాపుని పెట్టుకోవడం శుభ్రంగా ఉంటుంది. 1080 వెడల్పులో 4:5 క్రాపు 1350 ఎత్తు వస్తుంది, 1920లో పైనా కిందా కలిపి 570 మిగులుతుంది.

అడ్డం: ఈసారి మంట పోతుంది, దొంతర వస్తుంది

16:9 కోసం వెడల్పు మొత్తం 40 గళ్ళూ తీసుకుంటే ఎత్తు 22.5 వస్తుంది. ఎత్తులో ఏడున్నర గళ్ళు వదిలేయాలి, పైనా కిందా ఎంతెంత అన్నదే ప్రశ్న. మంట కావాలంటే 27 దాకా దిగాలి. అప్పుడు పైన 4.5 దగ్గర మొదలవుతుంది, అంటే పిన్ని తల పై అంచుకి సరిగ్గా తగులుతుంది. పైగా బకెట్ కూడా లోపలికి వస్తుంది. అందుకని 2.5 నుంచి 25 దాకా తీసుకున్నాను. తల పైన రెండు గళ్ళ ఖాళీ, కింద కుండ అడుగు దాకా, బకెట్ బయట. మంట పోయింది.

మంట పోతే టీ కొట్టు బాబాయ్ మళ్ళీ బట్టలు ఆరేస్తున్నారంటాడా? అనలేదు. ఎందుకంటే ఇందులో ఎడమ పక్క దొంతర పూర్తిగా ఉంది, కుడి పక్క కోడలు రేకు మడుస్తోంది. మిగతా క్రాపుల్లో మనం తప్పించుకు తిరిగిన రెండు వస్తువులూ ఇక్కడ అసలు కథయ్యాయి. చదరం, నిలువు క్రాపుల్లో ఒక మనిషి ఒక పని చేస్తోంది. అడ్డంలో ఇంట్లో ఇద్దరు కలిసి పని చేస్తున్నారు. "మా ఇంట్లో పూతరేకులు ఎలా చేస్తారంటే" అనే వీడియోకి థంబ్‌నెయిల్‌గా ఇదే సరిపోతుంది.

థంబ్‌నెయిల్‌కి 1280 × 720 చాలు, మాకు 4000 × 2250 ఉంది కాబట్టి సైజుకి లోటు లేదు. చూసుకోవాల్సింది కుడి కింది మూల. అక్కడ యూట్యూబ్ వీడియో నిడివి అంకెలు వేస్తుంది. మా ఫోటోలో ఆ చోట కోడలి చీర కుచ్చిళ్ళు, నేల ఉన్నాయి, ఏమీ పోదు. అక్షరాలు రాయాలనుకుంటే ఆ మూల వదిలి, పైన పాక కప్పు చీకటిగా ఉన్న చోట రాయండి. దొంతర మీద రాయకండి. ఈ క్రాపుకి ఉన్న గుర్తే అది.

ఇంకొంచెం దగ్గరికి కోసి ముఖం పెద్దగా చేద్దామని అబ్బాయి అడిగాడు. చేసి చూపించాను. 16:9లో ఎత్తు తగ్గిస్తే కుండ కింది సగం పోతుంది, వెడల్పు తగ్గితే కోడలు తెగుతుంది. అప్పుడు మంటా ఉండదు, మడిచేదీ ఉండదు. అతనే వద్దన్నాడు.

ఫ్లెక్సీకి కత్తిరించనే లేదు

ఫ్లెక్సీ ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. 2:1 కదా అని ఫోటోని 2:1గా కోస్తే ఎత్తు 20 గళ్ళకి పడిపోతుంది. తల పైనుంచి కుండ అడుగు దాకానే దాదాపు 20 గళ్ళు, ఊపిరాడదు. కానీ ఫ్లెక్సీ 2:1 అయితే ఫోటో కూడా 2:1 కావాలని ఎక్కడా లేదు. నాలుగడుగులు ఫోటోకి ఇస్తే అది నాలుగు బై మూడు, అంటే కెమెరా తీసిన ఆకారమే. కోయకుండా మొత్తం ఫోటో పెట్టేశాను. మిగిలిన రెండడుగుల్లో పేరు, ధర, ఫోన్ నంబరు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది కాబట్టి ఆ ముక్క కూడా రాయమంది పిన్ని. బకెట్ ఉన్న మూల మీదుగా ఫోన్ నంబరు పట్టీ లాగాను, కనిపించకుండా పోయింది.

4000 పిక్సెళ్ళు 48 అంగుళాలకి పరిస్తే అంగుళానికి 83 వస్తాయి. పుస్తకంలో ఫోటోకి అది చాలదు. రోడ్డు మీద నుంచి చూసే ఫ్లెక్సీకి చాలు. మొదట్లో వచ్చిన ఆ 1600 పిక్సెళ్ళ ఫోటో వేసి ఉంటే అంగుళానికి 33 మాత్రమే వచ్చేవి, గుమ్మం దగ్గర నిలబడి చూసినా గళ్ళు గళ్ళుగా కనిపించేది.

పక్కపక్కన పెట్టి చూడటం

క్రాపులన్నీ అయ్యాక ఒక ఖాళీ బూడిదరంగు పేజీ మీద వాటిని ఒకే ఎత్తులో పక్కపక్కన పేర్చండి. తెల్ల పేజీ వద్దు, తెల్లటి బట్ట అంచు అందులో కలిసిపోతుంది. ఇలా పెడితే ఏది ఇరుకుగా ఉందో, ఏది ఖాళీగా ఉందో తేలుతుంది. కానీ తీర్పు ఇక్కడ ఇవ్వకండి. కంప్యూటర్ మీద పెద్దగా చూస్తే అడ్డం ఫోటోయే ఎప్పుడూ గెలుస్తుంది, స్క్రీనే అడ్డంగా ఉంటుంది కాబట్టి.

ఒక్కోదాన్ని దాని చోట, దాని సైజులో చూడండి. డీపీని చాట్ లిస్టులో. 4:5ని ఫోన్లో వేలితో ఫీడ్ జరుపుతున్నట్టు. థంబ్‌నెయిల్‌ని ఇతర వీడియోల మధ్య చిన్నగా. స్టేటస్‌ని నిజంగా పెట్టి, ప్రైవసీలో ఒక్క మీ ఇంట్లోవాళ్ళకే కనిపించేలా చేసి, వాళ్ళ ఫోన్లో. తర్వాత అసలు ఫోటో ఎప్పుడూ చూడనివాళ్ళకి ఒక్కొక్కటీ రెండు క్షణాలు చూపించి తీసేసి, ఏం కనిపించిందో అడగండి. బాగుందా అని అడగకండి, మనవాళ్ళు బాగుందనే అంటారు. మీరు అసలు ఫోటో చూశారు కాబట్టి మీ కంటికి కోసేసినది కూడా కనిపిస్తూనే ఉంటుంది. నాకు ఆ బట్ట కింద రేకు కనిపించింది, బాబాయ్‌కి కనిపించలేదు.

ఇంట్లోవాళ్ళు నిలువు క్రాపుని డీపీకి కూడా పెట్టమని పట్టుబట్టారు, ముఖం ఉంది కదా అని. వాదించకుండా రెండూ చేసి పిన్ని ఫోన్లో చాట్ లిస్టు తెరిచి చూపించాను. "ఇందులో నేనెక్కడ?" అంది. చేతులే ఉంచేశాం.

మళ్ళీ తీయాల్సి వస్తే

రీల్ కోసం మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఫోన్ నిలువుగా పట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగాను. చేతులు ఫ్రేము వెడల్పులో సగం కంటే ఎక్కువ తీసుకోకుండా, కుడి పక్క కాస్త ఎక్కువ ఖాళీ వదిలాను. ఫోన్లో 16:9 మోడ్ పెట్టలేదు. చాలా ఫోన్లలో అది 4:3 ఫోటోనే పక్కలు కోసి ఇస్తుంది, ఆ కోత మనమే తర్వాత చేసుకోవచ్చు. కోడల్ని ఒక మూర దూరం జరగమన్నాను, ఆవిడకీ కుండకీ మధ్య ఖాళీ పెరిగితే చదరంలో ముఖం కూడా పడుతుందని.

అన్నీ సర్ది ఫోన్ ఎత్తేసరికి, నేనేమీ చెప్పకుండానే పిన్ని లేచి బకెట్ తీసి పాక వెనకాల పెట్టి వచ్చింది.